వరి చేను, ఎన్‌డీవీఐ: మూడు అపోహలు

గోదావరి డెల్టాలో దాళ్వా వరి చేలను సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో చూడడం నా పని. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ తేడాను కొలిచే సూచికే ఎన్‌డీవీఐ.

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

B4 ఎరుపు, B8 సమీప పరారుణం.

అపోహ: విలువ తక్కువగా ఉందంటే పైరుకు తెగులు సోకినట్లే.

జనవరిలో నాట్లు పడిన చేలో విలువ 0.1 దగ్గర ఉండవచ్చు. అక్కడ ఉపగ్రహానికి కనిపించేది ఎక్కువగా నీళ్లే, నీరు పరారుణాన్ని దాదాపు మింగేస్తుంది. పిలకలు వేసి ఆకులు కమ్ముకునే కొద్దీ విలువ 0.8 దాకా ఎక్కుతుంది. గింజ ముదిరి చేను పండుతున్నప్పుడు మళ్లీ దిగుతుంది. ఈ దిగడం సహజం. పొట్ట దశకు ముందే, అదే వారం నాటిన పక్క చేలు ఎక్కుతుండగా ఒక మడి మాత్రం ఆగిపోతే అనుమానించాలి. నత్రజని లోపమో, నీటి ఎద్దడో, పురుగో సూచిక చెప్పదు. చేలోకి దిగి చూడాల్సిందే. సుడిదోమ మచ్చ మూడు మీటర్లే ఉంటే 10 మీటర్ల పిక్సెల్‌లో అది కలిసిపోయి అసలు కనబడకపోవచ్చు కూడా.

అపోహ: సూత్రం సరిగా ఉంటే లెక్క సరిగా వస్తుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టేది ఇదే. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 కొత్త చిత్రాల పిక్సెల్ అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. దాన్ని తీసేసి, 10000తో భాగిస్తేనే అసలు పరావర్తనం వస్తుంది. ఒక పిక్సెల్‌లో B4 1400, B8 5000 ఉన్నాయనుకుందాం. 1000 తీస్తే 0.04, 0.40 వస్తాయి, సూచిక 0.82. తీయకపోతే 0.14, 0.50 అయి, 0.56కు పడిపోతుంది. నిండుగా ఉన్న చేను దెబ్బతిన్నట్టు కనబడుతుంది! 2021 చిత్రాలతో పోల్చి చూసిన మనిషి పైరు దిగజారిందని నమ్మేస్తాడు. కొన్ని వేదికలు ఈ సవరణ ముందే చేసి ఇస్తాయి, అక్కడ మళ్లీ తీస్తే అది ఇంకో తప్పు. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు చిత్రం వివరాల్లో తేదీ, సవరణ రెండూ చూడండి.

అపోహ: సూచిక ఎంత ఎక్కువైతే దిగుబడి అంత ఎక్కువ.

ఆకులు నేలను కప్పేశాక ఎరుపు కాంతి దాదాపు పూర్తిగా లోపలే ఉండిపోతుంది. ఎరుపు 0.03 ఉన్నప్పుడు పరారుణం 0.40 నుంచి 0.48కి పెరిగినా సూచిక 0.86 నుంచి 0.88కే కదులుతుంది. ఆ రెండు వందో వంతుల తేడాను చూసి ఒక చేను మెరుగని తేల్చకండి. ఎరువు ఎక్కువై ఆకు విపరీతంగా పెరిగి, తర్వాత పడిపోయే చేను కూడా ఈ దశలో అంతే పచ్చగా ఉంటుంది.