రాయలే, రాస్తలేడు, రాయడు: అరబీలో కాదనడం ఎలా?

నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర రిటైరైన ఒక ఉర్దూ సారు సాయంత్రాలు అరబీ చెప్తారు. మొదటి నెలలోనే ఆయన నాకు మూడు వాక్యాలు ఇచ్చి రాసుకురమ్మన్నారు: వాడు నిన్న రాయలేదు, ఇప్పుడు రాయడం లేదు, రేపు రాయడు. ‘రాశాడు’కి అరబీలో ‘కతబ’, ‘రాస్తాడు’కి ‘యక్తుబు’ అని అప్పటికే తెలుసు. ‘లమ్’ అంటే జరగలేదని చెప్పే మాట అని కూడా తెలుసు. ఇంకేముంది, ‘లమ్ కతబ’ అని రాసుకుపోయాను. సారు నవ్వి, “బేటా, గడిచిన కాలాన్ని రెండుసార్లు చెప్పినవ్” అన్నారు.

నా తప్పు ఎక్కడుందో ఆ ఒక్క మాటలో తేలింది. అరబీలో చాలాచోట్ల కాలాన్ని మోసేది కాదనే మాటే. ‘లమ్’లోనే భూతకాలం ఉంది కాబట్టి దాని వెనక వచ్చే క్రియ వర్తమాన రూపంలోనే ఉండాలి, పైగా చివరి అచ్చు పోవాలి: లమ్ యక్తుబ్. అంటే రాయలేదు. రాయబోడు అనాలంటే ‘లన్’ వస్తుంది, చివర ‘అ’ చేరుతుంది: లన్ యక్తుబ. రాస్తాడనడానికి భవిష్యత్తులో ముందు తగిలించే ‘స’ ఇక్కడ ఉండకూడదు, ఆ పని ‘లన్’ చేసేసింది. ఇక రాయడం లేదనడానికి ‘లా యక్తుబు’, ఇందులో క్రియ ఏమీ మారదు. ‘మా కతబ’ అన్నా రాయలేదనే. అందులో ‘మా’కి కాలంతో పని లేదు గనుక క్రియ భూతకాలంలోనే ఉంటుంది. నేను ఈ రెండు పద్ధతులనూ కలిపి వండాను, అంతే.

చిక్కేమిటంటే వాక్యం చివర ఆగినప్పుడు ఆ చిన్న అచ్చులు పలకరు, మామూలు రాతలో గుర్తులూ పెట్టరు. మూడూ ‘యక్తుబ్’ లాగే వినిపిస్తాయి. తేడా కంటికి కనబడాలంటే బహువచనం చూడాలి. ‘వాళ్లు రాస్తారు’ యక్తుబూన. లమ్, లన్ తర్వాత ఆ ‘న’ ఊడిపోయి యక్తుబూ మిగులుతుంది. లా తర్వాత ఊడదు. నేను రాసింది సరిచూసుకోవడానికి ఇప్పటికీ వాక్యాన్ని ఒకసారి వాళ్లలోకి మార్చి చూసుకుంటాను.

మన మాటలో పంపకం వేరు. ‘వాడు రాయడు’ అంటే అలవాటు లేదనీ అనుకోవచ్చు, రేపు రాయడనీ అనుకోవచ్చు. పక్కన ‘రేపు’ ఉంటేనే తేలుతుంది. అరబీ అక్కడ లా, లన్ అని విడదీస్తుంది. కానీ అలవాటుగా రాయనివాడికీ, ఇప్పుడు కూర్చుని రాయనివాడికీ ఒకే ‘లా’తో సరిపెడుతుంది. మన దిక్కు రెండోవాడిని ‘రాస్తలేడు’ అని ఠక్కున వేరు చేస్తాం.

క్రియ లేని వాక్యాల్లో రెండు భాషలూ ఒకే తీరు. ‘ఆయన టీచర్’ అంటాం, మధ్యలో క్రియ ఉండదు. అరబీలోనూ ‘హువ ముదర్రిసున్’ అంతే. దీన్ని కాదనడానికి లా, లమ్, లన్ ఏవీ నేరుగా పనికిరావు, ‘లైస’ కావాలి: లైస ముదర్రిసన్. చివరి ‘ఉన్’ ‘అన్’ అయింది చూడండి, అక్కడే చాలామంది తప్పుతారు. ఈ లైస వింత మాట. నేను కాదంటే ‘లస్తు’, ఆమె కాదంటే ‘లైసత్’. దానికి తగిలేవి భూతకాలపు ప్రత్యయాలు, అర్థం మాత్రం వర్తమానం. లమ్ చేసే పనికి సరిగ్గా తలకిందులు. అందుకే ‘ఆయన టీచర్‌గా ఉండేవాడు కాదు’ అనాలంటే లైస చాలదు. ‘ఉండు’ అనే క్రియను తెచ్చి ‘లమ్ యకున్ ముదర్రిసన్’ అనాలి. ముందు ముందు ఉండడంటే ‘లన్ యకూన’. మొదటిదాంట్లో దీర్ఘం కూడా కుంచించుకుపోయింది. ఇది రాతలోనూ కనబడుతుంది కాబట్టి అదృష్టమే.

‘ఆయన ఇంట్లో లేడు’ కూడా లైసతోనే: లైస ఫిల్ బైత్. టీచర్ కాదు, ఇంట్లో లేడు అని మనం చిన్నప్పటి నుంచి వేరు చేసే రెండు సంగతులు అరబీకి ఒకటే. తెలుగు నేర్చుకునేవాళ్లకి కాదు–లేదు దగ్గర ఎందుకంత టెన్షనో నాకు అప్పుడు అర్థమైంది.

ఇదంతా పుస్తకాల, వార్తల అరబీ. పదేళ్లు దుబాయిలో డ్రైవర్‌గా చేసొచ్చిన మా పక్కింటన్నకి లమ్, లన్ చెప్తే “ఎప్పుడూ వినలే తమ్మీ” అన్నాడు. గల్ఫ్ వీధుల్లో క్రియను కాదనడానికి చాలావరకు ‘మా’, పేరునో గుణాన్నో కాదనడానికి ‘మూ’ లేదా ‘ముబ్’, ఏదైనా లేదనడానికి ‘మాఫీ’. అంటే అక్కడ కాదు, లేదు మళ్లీ విడిపోయాయి! వలస కూలీల మధ్య నడిచే కలగాపులగం అరబీలో మాత్రం అన్నిటికీ మాఫీనే. అన్న ఇంటికొచ్చిన కొత్తలో వాళ్లమ్మ అన్నం పెడతానంటే “మాఫీ, మాఫీ” అనేవాడట. ఆమె రుణమాఫీ సంగతేమో అనుకుని, బ్యాంకు నుంచి ఏమన్నా కబురొచ్చిందా బిడ్డా అని అడిగిందట.