మతం చదువులో లోపలివాళ్లు, బయటివాళ్లు: పాత తగువు, కొత్త వ్యాసం

మన మతం గురించి మనమే రాస్తే పక్షపాతం అంటారు. పక్కవాళ్ల మతం గురించి రాస్తే నీకేం తెలుసని అడుగుతారు. మత అధ్యయనంలో మొదటి వ్యాసం రాయబోయే విద్యార్థిని టెన్షన్ పెట్టేది ఈ రెండు మాటలే. ఈ తగువు నిన్నమొన్నటిది కాదు. యూనివర్సిటీల్లో ఈ చదువు మొదలైనప్పటి నుంచీ ఉన్నదే.

మాక్స్ ముల్లర్‌నే చూడండి. జర్మనీలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో స్థిరపడిన ఆయన సాయణ భాష్యంతో సహా ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా పట్టుబట్టి అచ్చు వేయించాడు. ఇండియాలో మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. తన పనికి అదొక లోటని ఆయన అనుకోలేదు. ఒక్క మతమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియనట్టే అన్నది ఆయన వాదన. నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూడాలంటే కొంత దూరంగా నిలబడక తప్పదు కదా.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలిచినవాడు జర్మన్ మతవేత్త రుడాల్ఫ్ ఒట్టో. పవిత్రత అనే అనుభవం గురించి 1917లో ఆయనొక పుస్తకం రాశాడు. గాఢమైన మతానుభవం పొందిన క్షణాన్ని గుర్తు చేసుకోమని మొదట్లోనే పాఠకుణ్ణి అడిగాడు. అలాంటిదేదీ గుర్తు రానివాళ్లు ఇక ముందుకు చదవొద్దన్నాడు. పుస్తకం కొనుక్కున్నాక చెప్పే మాటా ఇది! అయినా ఆయన ఉద్దేశం స్పష్టమే. లోపలికి వెళ్లనివాడికి ఆ విషయం అందదని.

మధ్యదారి వెతికినవాళ్లలో కెనడాకు చెందిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ ముఖ్యుడు. 1940లలో లాహోర్‌లో పాఠాలు చెప్పిన ఆయన ఇస్లాంను ముస్లింల మధ్యే ఉండి చదివాడు. ఒక మతం గురించి చెప్పిన ఏ మాటైనా ఆ మతస్థులు 'అవును, అంతే' అని ఒప్పుకోగలిగినప్పుడే చెల్లుతుందని 1959లో ఒక నియమం పెట్టాడు. బయటివాళ్లు తోచింది రాసి పారేసే రోజులకు అది గట్టి చెక్. కానీ ఆ నియమానికి ఓ చిక్కుంది. ఒప్పుకోవాల్సింది ఏ మతస్థులు? ఆయన పాఠాలు చెప్పిన లాహోర్ ఉన్న పాకిస్తాన్‌లోనే 1974లో రాజ్యాంగాన్ని సవరించి అహ్మదీలనే వర్గాన్ని ముస్లిమేతరులుగా ప్రకటించారు. అహ్మదీలేమో తాము ముస్లింలమే అంటారు. 'అహ్మదీలు ముస్లింలే' అని రాస్తే ఆ వాక్యం చెల్లుతుందో లేదో ఇప్పుడు ఎవరిని అడగాలి? 'లోపల' అనేది ఒకే గది కాదన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది.

నినియన్ స్మార్ట్ ఇంకో దారి చూపాడు. 1967లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ యూనివర్సిటీలో మత అధ్యయన విభాగం మొదలైంది ఆయన చేతుల మీదుగానే. దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఉన్నాడనుకునేవాళ్లు ఏం చేస్తున్నారో, దానికి వాళ్లేం అర్థం చెబుతున్నారో చూడమన్నాడు. కొత్తవాళ్లకు బాగా పనికొచ్చేది ఇదే. దీనికి తోడు 1996లో అమెరికన్ పండితుడు బ్రూస్ లింకన్ పట్టుబట్టిన ప్రశ్నలనూ దగ్గర పెట్టుకోవాలి. ఇక్కడ మాట్లాడుతున్నదెవరు, ఎవరితో, ఆ మాట నెగ్గితే లాభం ఎవరికి? భక్తుడి మాటకైనా పండితుడి మాటకైనా ఈ ప్రశ్నలు వర్తిస్తాయి.

ఇక వ్యాసం సంగతి. తిరుపతి గంగమ్మ జాతర గురించి రాయాలనుకుందాం. ఆడపిల్లలను చెరుస్తున్న పాలెగాణ్ణి సంహరించడానికి గంగమ్మ రోజుకో వేషంలో వెతికిందని, దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటికి వస్తే తల నరికిందని కథ. జాతరలో కైకాల కుటుంబానికి చెందిన మగవాళ్లు ఆ వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని గుడికి వస్తారు.

కొత్తవాళ్లు ఇక్కడ ఇలాంటి వాక్యం రాస్తారు: "సమాజంలోని ఆడ మగ హద్దులను తాత్కాలికంగా తలకిందులు చేసి, ఒత్తిడిని బయటికి వదిలే ఆచారం ఇది." చదవడానికి బాగానే ఉంది. కానీ ఈ మాట అన్నదెవరు? చీర కట్టినవాళ్లలో ఎవరూ అనలేదు. వాళ్లనడిగితే మొక్కు తీర్చుకుంటున్నాం అంటారు. ఆఫ్రికాలోని ఆచారాల మీద మానవశాస్త్రవేత్త మాక్స్ గ్లక్‌మన్ 1950లలో చెప్పిన సిద్ధాంతం అది. దాన్ని అతని పేరు చెప్పకుండా తిరుపతికి తెచ్చి పెట్టారు. పైగా అది ఇక్కడ సరిగా అతకదు. హద్దులు తలకిందులు కావాలంటే ఆడవాళ్లు మగ వేషం కట్టాలి కదా? వాళ్లు అలా చేయరు. ముఖాలకు పసుపు రాసుకుంటారు.

మిషనరీల కూతురిగా ఇండియాలోనే పెరిగిన అమెరికన్ పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద 2013లో ఒక పుస్తకం తెచ్చారు. ఆమెను లోపలి మనిషి అనాలో బయటి మనిషి అనాలో మీరే చెప్పండి. ఆమె వాదన ప్రకారం గంగమ్మ ముందు స్త్రీత్వమే సహజ స్థితి. ఉగ్రంగా ఉన్న ఆమె సన్నిధిలో నిలవడానికి మారాల్సింది మగవాళ్లే. ఈ మాట కూడా భక్తులు ఈ రూపంలో చెప్పేది కాదు. అయినా ఆడవాళ్లెందుకు వేషం మార్చరన్న ప్రశ్నకు ఇందులో జవాబు దొరుకుతుంది. తలకిందుల సిద్ధాంతంలో దొరకదు. భక్తులు ఒప్పుకుంటారా అన్నదొక్కటే పరీక్షయితే రెండు వాదనలూ పోతాయి. వాళ్లు చేసేదాన్నీ చెప్పేదాన్నీ ఏది ఎక్కువగా వివరిస్తోంది అని అడిగితే రెండిటికీ తేడా తెలుస్తుంది.

అందుకే డ్రాఫ్ట్ పూర్తయ్యాక ప్రతి వాక్యం పక్కనా మార్జిన్‌లో ఒక పేరు రాయండి. ఇది మొక్కున్నవాళ్ల మాట, ఇది కైకాల కుటుంబం మాట, ఇది ఫలానా పండితుడిది, ఇది నాది. పేరు దొరకని వాక్యమే అసలు సమస్య. "తిరుపతి ప్రజలు గంగమ్మను వేంకటేశ్వరుడి చెల్లెలిగా భావిస్తారు" అని ఉంటే, ఏ ప్రజలు? తిరుమల నుంచి జాతరకు సారె వస్తుంది నిజమే. కానీ కొండ మీది అర్చకుడు ఆ బంధుత్వాన్ని చెప్పే తీరు, గుడి ముందు పొంగలి పెట్టే ఆవిడ చెప్పే తీరు ఒకటే కానక్కర్లేదు.

క్రియల్లో ఇంకో పొరపాటు దొర్లుతుంది. పండితులు వచ్చిన చోటల్లా "నిరూపించారు", భక్తులు వచ్చిన చోటల్లా "నమ్ముతారు" అని రాస్తుంటారు. పాలెగాడి కథ దగ్గర "నమ్ముతారు" అనొచ్చు గానీ, వేషం ఎలా కట్టాలో, ఏ రోజు ఏది కట్టాలో కైకాలవాళ్లకు తెలుసు. అది నమ్మకం కాదు. అక్కడ "తెలుసు" అనే రాయాలి.

మీ గురించి రెండు మూడు వాక్యాలు చాలు. "నేను తిరుపతిలో పెరిగాను, మా ఇంట్లో ఈ జాతర చేస్తారు" అని ఆపితే పరిచయం మాత్రమే అవుతుంది. "అందువల్ల ఆడవాళ్లు ఇంట్లో చేసే పూజ నేను దగ్గరగా చూశాను, వేషం కట్టే మగవాళ్లతో మాట్లాడలేదు" అని కలిపితే, మీ మాటను ఎంతవరకు నమ్మాలో చదివేవాళ్లకు తెలుస్తుంది. బయటివాళ్లయితే దీన్నే తిరగేసి రాయాలి.

జాతరకు వెళ్లకుండా లైబ్రరీలో కూర్చుని రాసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మీకు వినిపించే భక్తుల గొంతు పరిశోధకులు ఎంచుకుని, అనువదించి, పుస్తకంలో పెట్టినది. కాబట్టి "భక్తులు చెబుతారు" అని రాయకండి. "ఫ్లూకిగర్‌తో మాట్లాడిన భక్తులు చెప్పారు" అని రాయండి.