చెమట పట్టించేది సింపథెటిక్ నరమే, మరి అసిటైల్‌కోలిన్ ఎందుకు?

హైదరాబాద్‌లో ఎండాకాలం వైవా. ఫ్యాను తిరుగుతున్నా ఫస్ట్ ఇయర్ ఎంబీబీఎస్ కుర్రాడి అరచేతులు తడిసిపోతున్నాయి, నోరు పిడచకట్టుకుపోతోంది. ఎగ్జామినర్ ఆ చేతులే చూసి అడిగారు: "ఈ చెమట ఏ నరం పని?" "సింపథెటిక్, సర్." "అది గ్రంథి దగ్గర విడుదల చేసేది?" "నార్ఎడ్రినలిన్, సర్."

మొదటి జవాబు సరైనదే, రెండోది తప్పు. ఏటా ఇదే తప్పు ఎందుకు వస్తుందో తెలియాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

మన ప్రమేయం లేకుండా గుండెను, గ్రంథులను నడిపే నరాల వ్యవస్థకు 1898లో ఇంగ్లండ్ శరీరధర్మ శాస్త్రవేత్త లాంగ్లీ అటానమిక్ అని పేరు పెట్టాడు. పారాసింపథెటిక్ అన్న మాట 1905లో వచ్చింది. ఆ విభజనలో కెమిస్ట్రీ లేదు. ఛాతీ, నడుము భాగాల వెన్నుపాము నుంచి బయల్దేరితే సింపథెటిక్, మెదడు నుంచో త్రికం దగ్గరి వెన్నుపాము నుంచో బయల్దేరితే పారాసింపథెటిక్, అంతే. 1921లో ఆటో లోవీ కప్ప గుండెకు వెళ్లే వేగస్ అనే పారాసింపథెటిక్ నరాన్ని ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రవాన్ని మరో గుండెకు అందించాడు. రెండోదీ నెమ్మదించింది. ఆ పని చేసింది నరం వదిలిన రసాయనమని, అది అసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. దాంతో 'పారా అంటే అసిటైల్‌కోలిన్, సింపథెటిక్ అంటే ఎడ్రినలిన్' అన్న లెక్క తలకెక్కింది. మన గైడ్ల పట్టికల్లో నేటికీ అదే, ఎడ్రినలిన్ చోట నార్ఎడ్రినలిన్ వచ్చిందంతే.

ఆ లెక్క అన్ని చోట్లా కుదరదని బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేల్‌కు తెలుసు. అందుకే 1933లో నరం ఎక్కడిదన్నదానితో పనిలేకుండా, అది వదిలే రసాయనాన్ని బట్టి కోలినర్జిక్, ఎడ్రినర్జిక్ అని వేరే పేర్లు పెట్టాడు. మరుసటి ఏడాది ఫెల్డ్‌బర్గ్‌తో కలిసి పిల్లి పాదం మీద ప్రయోగం చేశాడు (పిల్లికి చెమట పట్టేది అరికాళ్లలోనే). సింపథెటిక్ నరాన్ని ప్రేరేపిస్తే పాదం నుంచి వచ్చిన ద్రవంలో అసిటైల్‌కోలిన్ దొరికింది. అంటే మార్గం సింపథెటిక్, రసాయనం అసిటైల్‌కోలిన్, గ్రంథి మీద దాన్ని అందుకునే రిసెప్టర్ మస్కారినిక్ రకం. దారి మధ్యలో ఒక నరం నుంచి మరో నరానికి సందేశం మారే గ్యాంగ్లియాన్‌లోనైతే రెండు విభాగాల్లోనూ అసిటైల్‌కోలినే, కానీ అక్కడి రిసెప్టర్ నికోటినిక్. ఈ రిసెప్టర్లను తారుమారు చేయడం రెండో పెద్ద తప్పు.

నమ్మకం కుదరకపోతే ఎమర్జెన్సీ వార్డులో చూడండి. పురుగుమందు తాగిన మనిషిని పల్లె నుంచి తెచ్చారనుకుందాం. చాలా పురుగుమందులు ఆర్గానోఫాస్ఫేట్లు. అవి అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమ్‌ను ఆపేస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోటి నుంచి చొంగ, ఊపిరితిత్తుల్లో గురగుర, ఒళ్లంతా చెమట. మిగతావన్నీ పారాసింపథెటిక్ పనులే, చెమట ఒక్కటే సింపథెటిక్ దారిన వచ్చింది. అయినా మస్కారినిక్ రిసెప్టర్లను అడ్డుకునే అట్రోపిన్ ఇస్తే చొంగతో పాటు అదీ ఆరిపోతుంది. నార్ఎడ్రినలిన్ పనైతే అట్రోపిన్‌కు లొంగేది కాదు. ఉమ్మెత్త గింజలు తిన్నవాళ్ల చర్మం పొడిగా కాలిపోవడానికీ కారణం ఇదే అడ్డంకి.

అదే మనిషిలో కండరాల అదురు మాత్రం అట్రోపిన్‌తో తగ్గదు. అక్కడున్నవి నికోటినిక్ రిసెప్టర్లు.