డిలీట్ అయిన చాట్‌లు రికవరీ యాప్‌లకు ఎందుకు చిక్కవు

డిలీట్ అయినవాటిని తిరిగి తెస్తామని రికవరీ యాప్‌లు చెబుతుంటాయి. పదిహేనేళ్ళ కిందట ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అప్పట్లో ఫొటోలు, పాటలు మెమరీ కార్డులో ఉండేవి. ఫైలును డిలీట్ చేస్తే కార్డులోని ఫైళ్ళ పట్టికలో దాని పేరు మొదటి అక్షరం మీద ఒక గుర్తు పడి, ఆ జాగా ఖాళీ అని నమోదయ్యేదంతే. కొత్తది పైన రాసేదాకా అసలు సరుకు అక్కడే ఉండేది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కార్డును రీడర్‌లో పెట్టి పోయిన ఫైళ్ళను తిరిగి లాగడం మామూలు పనే.

2013లో ఆండ్రాయిడ్ 4.3తో ఖాళీ జాగాల సంగతి ఫోను మెమరీ చిప్‌కే చెప్పడం మొదలైంది. చిప్ వాటిని తనంతట తానే తుడిచేస్తుంది. 2016లో ఆండ్రాయిడ్ 7 ఒక్కో ఫైలుకు విడిగా తాళం వేసే ఎన్‌క్రిప్షన్ తెచ్చింది. ఆండ్రాయిడ్ 10తో వచ్చే కొత్త ఫోన్లకు అది తప్పనిసరి అయింది. ఫైలు పోతే దాని తాళంచెవిని తయారుచేసే వివరమూ పోతుంది. చిప్‌లో ఏవో ముక్కలు మిగిలినా చదవలేం.

వాట్సాప్ చాట్‌ది ఇంకో చిక్కు. మెసేజ్ అనేది విడి ఫైలు కాదు, `msgstore.db` అనే డేటాబేస్‌లో ఒక వరుస. తీసేసిన వరుస అందులో కొంతకాలం మిగిలే అవకాశం ఉంది, నిజమే. కానీ ఆ ఫైలు వాట్సాప్ సొంత గదిలో ఉంటుంది, రూట్ చేయని, అంటే పూర్తి అధికారం తెరవని ఫోనులో వేరే యాప్ అక్కడికి పోలేదు. రూట్ చేద్దామంటే చాలా ఫోన్లలో ముందు ఫోనును మొదలుపెట్టే ప్రోగ్రామైన బూట్‌లోడర్‌ను అన్‌లాక్ చేయాలి, అది చేస్తే ఫోను మొత్తం చెరిగిపోతుంది. వెతకబోయిన చోటే మాయమైపోతుందన్నమాట! రికవరీ యాప్‌ల ఉచిత స్కాన్‌లో కనబడే బొమ్మలు చాలావరకు గ్యాలరీ దాచుకున్న చిన్న నకళ్ళు. వాటిని చూసే జనం డబ్బు కడతారు.

ఇక ఆశ బ్యాకప్ మీదే. మారతహళ్ళి పీజీలో ఉండే ఒకరికి, అడ్వాన్స్ వాపసు ఇస్తానని ఓనరు నిన్న సాయంత్రం పెట్టిన మెసేజ్ ఈ ఉదయం డిలీట్ అయిందనుకుందాం. వాట్సాప్ రోజూ తెల్లవారుజామున 2 గంటలకు ఫోనులోనే బ్యాకప్ తీస్తుంది, కాబట్టి అందులో ఆ మెసేజ్ ఉండాలి. మొదట `Android/media/com.whatsapp/WhatsApp` ఫోల్డర్ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. ఈ పని వదిలేసి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే బ్యాకప్ కూడా పోవచ్చు. ఈ ఉదయం నుంచి వచ్చిన మెసేజ్‌లు రీస్టోర్‌లో రావు, ముఖ్యమైనవి ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. తర్వాత యాప్ తీసేసి మళ్ళీ వేసి, ఫోల్డర్‌ను దాని చోట పెట్టి, అదే నంబరుతో తెరిస్తే రీస్టోర్ అడుగుతుంది. గూగుల్ బ్యాకప్ చూపిస్తే దాని తేదీ, సమయం చూడకుండా ఒప్పుకోవద్దు. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుని మరిచిపోతే మాత్రం అక్కడే ఆగిపోతాం.

ఉదయం 10కి వచ్చి మధ్యాహ్నం డిలీట్ అయిన మెసేజ్ రాత్రి బ్యాకప్‌లో ఉండదు. అది ఓనరు ఫోనులో ఉందేమో అడిగి చూడాల్సిందే.