‘ఒక్క సున్నా’ వల్ల ఆగిన సర్వీస్: పోస్ట్‌మార్టమ్ నోట్ చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంటికి వచ్చి రక్తం శాంపిల్ తీసుకెళ్లే ఒక యాప్ బ్యాకెండ్ మా టీమ్ చూస్తుంది. పరగడుపున ఇవ్వాల్సిన పరీక్షలు కాబట్టి కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అందరూ పొద్దున్నే యాప్ తెరుస్తారు. రాత్రి చేసిన ఒక డిప్లాయ్‌లో డేటాబేస్ కనెక్షన్ పూల్ సైజు, అంటే యాప్ ఒకేసారి వాడుకోగల డేటాబేస్ కనెక్షన్ల సంఖ్య, 50 బదులు 5 అని పడింది. తెల్లారి ఆరున్నరకి బుకింగులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పే పోస్ట్‌మార్టమ్ నోట్ రాసేటప్పుడు టీమ్‌లో వినిపించిన మాటలే ఇక్కడి అపోహలు.

అపోహ: కారణం దొరికింది కదా, టైపింగ్ తప్పు. నోట్‌కి ఒక లైను చాలు.

వాస్తవం: ఆ లైను రాస్తే, రాత్రంతా బాగా నడిచింది పొద్దున ఎందుకు పడిపోయిందో చెప్పినట్టు కాదు. లెక్క చూడండి. ఒక్కో రిక్వెస్ట్ డేటాబేస్ కనెక్షన్‌ని సుమారు 40 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది. అంటే ఒక కనెక్షన్ సెకనుకు 25 రిక్వెస్టులు తీర్చగలదు. మా యాప్ రెండు పాడ్లుగా, అంటే రెండు కాపీలుగా నడుస్తుంది. 5 కనెక్షన్లయితే ఒక పాడ్‌కి 125, రెండు పాడ్లకి 250. రాత్రి వచ్చేవి సెకనుకు నలభై, కాబట్టి ఏ తేడా కనిపించలేదు. పొద్దున అవి 300 కాగానే క్యూ పెరగడం మొదలైంది. డిప్లాయ్ అయిన అరగంట గ్రాఫులు చూసి పడుకున్నవాళ్లను ఏమీ అనలేం. ఆ గ్రాఫుల్లో చూడటానికి ఏమీ లేదు.

అపోహ: పూల్ సమస్య అయితే లాగ్స్‌లో ఎర్రర్ వచ్చి ఉండేది.

వాస్తవం: అందరూ వెతికింది ఈ లైను కోసమే:

```
Connection is not available, request timed out after 30000ms
```

మేం వాడే హికారీ అనే కనెక్షన్ పూల్ లైబ్రరీలో డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఎదురుచూశాకే ఇది వస్తుంది. మా దగ్గర ఎవరూ అంతసేపు పూల్ దగ్గర నిలబడలేదు. రిక్వెస్టులు అందుకునే టామ్‌క్యాట్ సర్వర్‌కి డిఫాల్ట్‌గా 200 థ్రెడ్లే ఉంటాయి, ఒక్కో రిక్వెస్ట్‌కి ఒకటి పడుతుంది. పాడ్‌కి సెకనుకు 150 వస్తూ 125 తీరుతుంటే, ఎనిమిది సెకన్లలో ఆ థ్రెడ్లన్నీ నిండిపోతాయి. అప్పటికి పూల్ దగ్గర ఎదురుచూపు 1.6 సెకన్లు. మిగతా జనం గేటు బయటే, థ్రెడ్ కోసం నిలబడి ఉన్నారు. అక్కడి ఎదురుచూపు లాగ్‌లో పడదు.

అసలు దెబ్బ ఇక్కడే తగిలింది. పాడ్లను నడిపే కుబర్నెటిస్, యాప్ బతికే ఉందా అని పంపే లైవ్‌నెస్ ప్రోబ్ కూడా అదే పోర్టుకి వచ్చి, అదే గేటు బయట నిలబడింది. దాని టైమవుట్ డిఫాల్ట్‌గా ఒక్క సెకను. పది సెకన్లకోసారి అడుగుతుంది, వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే కంటైనర్‌ని చంపి మళ్లీ లేపుతుంది. ఒక పాడ్ లేచేలోపు 300 రిక్వెస్టులూ రెండోదాని మీద పడ్డాయి, అదీ పోయింది. పాడ్లు రీస్టార్ట్ అవుతుంటే మనవాళ్లు మెమరీ లీక్ అనుకుని ఆ వైపు పరిగెత్తారు (నిజానికి మెమరీ గ్రాఫ్ బల్లపరుపుగా ఉంది). దారి చూపింది డేటాబేస్ సీపీయూ: యాప్ నత్తనడక నడుస్తుంటే డేటాబేస్ ఖాళీగా కూర్చుంది. అలా కనిపిస్తే రద్దీ డేటాబేస్‌లో లేదు, దాని ముందు ఉంది. ఇది నోట్‌లో తప్పక ఉండాలి. పూల్ దగ్గర ఎంతమంది ఎదురుచూస్తున్నారో చూపే `hikaricp.connections.pending` మీద అలర్ట్ ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసేది.

అపోహ: అయితే పెద్ద అంకె పెడితే సేఫ్.

కాదు. 500 అని పడితే రెండు పాడ్లూ కలిపి వెయ్యి కనెక్షన్లు అడుగుతాయి. మై ఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ పరిమితి 151.

అపోహ: ఇకపై కాన్ఫిగ్ మార్పులకు ఇద్దరు రివ్యూ చేస్తే సరి.

వాస్తవం: 5 కూడా చెల్లే అంకే. కాన్ఫిగ్ ఫైల్ రాత సరిగ్గా ఉందో లేదో చూసే యామల్ చెక్ దాన్ని ఆపదు, రాత్రి పదకొండింటికి చూసే రెండో కన్ను కూడా ఆపకపోవచ్చు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ స్టోరేజ్ సర్వీస్ ఎస్3 వర్జీనియాలో ఆగిపోయింది కూడా ఒక కమాండ్‌కి తప్పు విలువ ఇవ్వడం వల్లే. తీసేయాలనుకున్న కొద్ది సర్వర్లకు బదులు చాలా ఎక్కువ పోయాయి. వాళ్లు ప్రకటించిన సవరణల్లో, ఆ టూల్ సర్వర్లను నెమ్మదిగా తీసేలా, కనీస సామర్థ్యం కంటే కిందికి వెళ్లనివ్వకుండా మార్చడం ఉంది. మా నోట్‌లో నేను పట్టుబట్టి పెట్టించిందీ అలాంటిదే:

```java
if (poolSize < 20 || poolSize > 60)
    throw new IllegalStateException("DB_POOL_SIZE=" + poolSize);
```

తప్పు విలువతో కొత్త పాడ్ అసలు లేవదు. రెండు పాడ్ల డిప్లాయ్‌మెంట్‌లో డిఫాల్ట్ రోలింగ్ అప్‌డేట్ ప్రకారం, కొత్తది సిద్ధమయ్యేదాకా పాతవి తీసేయరు కాబట్టి బుకింగులు నడుస్తూనే ఉంటాయి. దీనికీ ఒక పరిమితి ఉంది: 45 బదులు 54 పడితే ఇది పట్టుకోలేదు. అది పెద్దగా నొప్పించదు కాబట్టి వదిలేశాం. పాడ్ల సంఖ్య పెంచిన రోజు మాత్రం 60 అనే పైగీతను మళ్లీ లెక్కేయాలి. ఆ పని ఎవరిదో నోట్‌లో పేరు పెట్టి రాశాం. 5 టైప్ చేసినవాళ్ల పేరు రాయలేదు.