39.07 వారాలంటే ఎన్ని వారాలు?

మా అక్క కూతురు పదో తరగతి. తిరుచానూరులో ఉంటారు వాళ్లు. సైకిల్ కొనుక్కోవాలని హుండీ డబ్బాలో ప్రతి ఆదివారం డబ్బులు వేస్తోంది. మొదటి వారం 20 రూపాయలు, తర్వాత ప్రతి వారం ముందు వారం కంటే 5 రూపాయలు ఎక్కువ. సైకిల్ ధర 4,500. "ఎన్ని వారాలు పడుతుంది మామా, అంకశ్రేఢి లెక్కే కదా" అని నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. ఆ ఒక్క లెక్కతో ఆ రోజు సాయంత్రమంతా గడిచిపోయింది, ఎందుకంటే ఇలాంటి లెక్కల్లో సూత్రం గుర్తుండటం చిన్న పని, వచ్చిన జవాబును చదవడమే అసలు పని.

ముందు మొత్తం ఎలా వస్తుందో చూద్దాం. డబ్బు ప్రతి వారం ఒకే లెక్కన పెరుగుతోంది కాబట్టి, మొదటి వారం వేసిందీ చివరి వారం వేసిందీ కలిపి సగం చేస్తే వారానికి సగటు వచ్చేస్తుంది. దాన్ని వారాల సంఖ్యతో గుణిస్తే హుండీలో ఉన్న మొత్తం. n వారాలైతే చివరి వారం వేసేది 20 + 5(n − 1). ఇక్కడ n కాకుండా n − 1 ఎందుకంటే మొదటి వారం ఏమీ పెరగలేదు, పెరగడం రెండో వారం నుంచే మొదలైంది, 40వ వారానికి వచ్చేసరికి పెరిగింది 39 సార్లే. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే. మొత్తాన్ని 4,500 చేస్తే లెక్క ఇలా తేలుతుంది:

n² + 7n − 1800 = 0

దీన్ని సాధిస్తే n = 39.07, ఇంకోటి n = −46.07. మైనస్‌ది కొట్టేసి, 0.07 చిన్నదే కదా అని వదిలేసి, అమ్మాయి 39 అని రాసి కింద గీత గీసింది.

సరే, 39 వేసి చూద్దాం అన్నాను. 39వ వారం వేసేది 20 + 5 × 38, అంటే 210. సగటు 115. 115 × 39 = 4,485. సైకిల్‌కి 15 రూపాయలు తక్కువ! షాపువాడు 4,500 అడుగుతుంటే 4,485 తీసుకెళ్లి నిలబడాలి. అంటే 40వ ఆదివారం కూడా ఆగాల్సిందే, ఆ రోజు 215 వేస్తే మొత్తం 4,700 అవుతుంది, సైకిల్ కొన్నాక 200 మిగులుతుంది. దశాంశం అరకంటే తక్కువైతే కిందికి దించెయ్యాలన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. "ఎన్ని వారాల్లో చేరుకుంటాం" అని అడిగితే దశాంశం ఎంత చిన్నదైనా పైకే వెళ్లాలి. అదే "ఉన్న ఇటుకలతో ఎన్ని వరుసలు పూర్తిగా పేర్చగలం" అని అడిగితే 39.97 వచ్చినా జవాబు 39. ఏ వైపు వెళ్లాలో ప్రశ్నే చెబుతుంది, దశాంశం చెప్పదు.

మరి ఆ 0.07కి అర్థం లేదా అంటే, ఉంది. వారంలో 0.07 వంతు అంటే దాదాపు అర రోజు, అలా చదివితే అర్థం లేదు, సోమవారం ఉదయం హుండీలో ఎవరూ డబ్బులు వెయ్యరు కదా. కానీ తర్వాతి వారం వేసే 215లో 0.07 వంతు తీస్తే సుమారు 15 రూపాయలు. మనకు తక్కువ పడింది అంతే! అంటే దశాంశ భాగం మనకు చెప్పేది రోజుల సంగతి కాదు, తర్వాతి వాయిదాలో ఇంచుమించు ఎంత భాగం కావాలో చెబుతోంది.

మొత్తం తెలిసి పదాల సంఖ్య వెతికే ఈ తలకిందుల లెక్క మనకు చాలా పాతది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదంలో దీనికి ఒక శ్లోకమే ఉంది. మొత్తాన్ని 8తోనూ పెరుగుదలతోనూ గుణించు, మొదటి పదానికి రెట్టింపులోంచి పెరుగుదల తీసేసి దాని వర్గాన్ని కలుపు, వర్గమూలం తియ్యి, మొదటి పదం రెట్టింపును తీసెయ్యి, పెరుగుదలతో భాగించు, ఒకటి కలిపి సగం చెయ్యి. మన 4,485తో చేసి చూడండి: 8 × 5 × 4,485 = 1,79,400, దానికి 35 వర్గం 1,225 కలిపితే 1,80,625, వర్గమూలం 425. అందులోంచి 40 తీస్తే 385, ఐదో వంతు 77, ఒకటి కలిపితే 78, సగం 39. ఎంత శుభ్రంగా వచ్చిందో!

ఆ శ్లోకం ఇచ్చేది ఒక్క జవాబే. మన సమీకరణం మాత్రం రెండిస్తుంది, ఆ రెండోదాన్ని చూడకుండా కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు. 4,485కి రెండు జవాబులూ పూర్ణసంఖ్యలే, 39, −46. మైనస్ 46 అంటే హుండీ మొదలుపెట్టకముందు 46 వారాలు వెనక్కి వెళ్లడం. 5 చొప్పున వెనక్కి తగ్గించుకుంటూ పోతే మొదటి వారానికి ముందు వారాలు 15, 10, 5, 0, ఆపైన −5, −10, −15. ఈ ఏడూ కలిపితే సున్నా. ఇంకా వెనక్కి వెళ్తే −20, −25, అలా −210 దాకా మొత్తం 39 వారాలు, అంటే హుండీలోంచి డబ్బు తీసుకున్న వారాలన్నమాట. 4,485తో మొదలుపెట్టి 210, 205 అంటూ తీసుకుంటూ హుండీని ఖాళీ చేసిన వాళ్ల కథ అది. 39కి ఆ ఏడు కలిపితే 46. మన అమ్మాయి కథలో ఆ వారాలు లేవు, అందుకే వదిలేస్తున్నాం. మైనస్ గుర్తు ఉందని మాత్రమే వదిలేస్తే అది కారణం కాదు.

ఎందుకంటే కొన్నిసార్లు రెండు జవాబులూ ప్లస్‌లోనే వస్తాయి. అడుగు వరుసలో 60 ఇటుకలు, పైకి వెళ్లేకొద్దీ వరుసకు 4 చొప్పున తక్కువ, మొత్తం 420 ఇటుకలు అనుకోండి. n² − 31n + 210 = 0, జవాబులు 10, 21. ఏది తీసుకోవాలి? 16వ వరుసకే ఇటుకలు సున్నా అయిపోతాయి, 17వ వరుసలో మైనస్ 4 ఇటుకలు పెట్టలేం. కాబట్టి 10 మాత్రమే.

ఇప్పుడు అవే అంకెలు చిత్తూరు వైపు ఒక ఊరి చెరువుకి పెట్టండి. వానలు పడ్డాక మొదటి రోజు నీటిమట్టం 60 మిల్లీమీటర్లు పెరిగింది, వాగు సన్నబడుతూ రోజుకి 4 చొప్పున ఆ పెరుగుదల తగ్గుతూ వచ్చింది. మట్టం మొదటికంటే 420 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండేది ఎన్నో రోజున? పదో రోజునా ఉంటుంది, 21వ రోజునా ఉంటుంది. 15వ రోజుకి 480 దాకా ఎక్కి, 16వ రోజు కదలకుండా ఉండి, 17వ రోజు నుంచి తూములోంచి పోయేది వచ్చేదానికంటే ఎక్కువై దిగడం మొదలవుతుంది, దిగుతూ మళ్లీ 420 దగ్గరికి వస్తుంది. ఇటుకల్లో తప్పయిన 21 చెరువులో ఒప్పే.

అమ్మాయి 39 కొట్టేసి 40 రాసింది. పక్కనే 4,700 అని కూడా రాసుకుంది, ఆ మిగిలే 200కి సైకిల్ బెల్లు వస్తుందా అని అడిగింది.