యాపిల్ ఆర్‌ఓఈ 35 నుంచి 156కి ఎలా పోయింది

షేర్లు చూసేవాళ్ళలో చాలామంది స్క్రీనర్ ఓపెన్ చేయగానే మొదట పెట్టే ఫిల్టర్ ఆర్‌ఓఈ, అంటే వాటాదారుల సొమ్ము మీద కంపెనీ ఏడాదికి ఎంత శాతం లాభం తెచ్చింది అనేది. ఇరవై దాటితే మంచి కంపెనీ, ముప్ఫై దాటితే ఇంకా మంచిది అనుకుని ముందుకెళ్ళిపోతారు, నేను కూడా చాలాకాలం అలాగే చేశాను. ఆ అలవాటు మానింది యాపిల్ బ్యాలెన్స్ షీట్లు రెండు, 2012ది, 2023ది, పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడే.

2012 సెప్టెంబర్‌తో ముగిసిన సంవత్సరానికి యాపిల్ అమ్మకాలు 156.5 బిలియన్ డాలర్లు, నికర లాభం 41.7. మొత్తం ఆస్తులు 176 బిలియన్లు, అందులో వాటాదారుల సొమ్ము, అదే ఈక్విటీ, 118. అంటే ఆర్‌ఓఈ 35 శాతం. 2023కి వచ్చేసరికి అమ్మకాలు 383, లాభం 97, ఆస్తులు 352.6, ఈక్విటీ మాత్రం 62. ఆర్‌ఓఈ 156 శాతం! పదకొండేళ్ళలో వ్యాపారం నాలుగు రెట్లు మెరుగైపోయిందా అంటే, ఒక్క నంబర్ చూస్తే అలాగే కనిపిస్తుంది మరి. దీన్నే డ్యూపాంట్ పద్ధతిలో మూడు ముక్కలు చేస్తే ఇలా వస్తుంది:

```
ROE  = (Net Income / Sales) × (Sales / Assets) × (Assets / Equity)
2012 : 26.7% × 0.89 × 1.49 =  35%
2023 : 25.3% × 1.09 × 5.67 = 156%
```

మొదటి ముక్క మార్జిన్, వంద డాలర్ల సరుకు అమ్మితే చేతిలో మిగిలేది. అది పెరగలేదు సరికదా కాస్త తగ్గింది. రెండోది టర్నోవర్, ఒక డాలర్ ఆస్తి పెట్టి ఏడాదిలో ఎన్ని డాలర్ల అమ్మకం చేశారు అని, అది కొంచెం పెరిగింది. మూడోది లివరేజ్, వాటాదారుల ఒక డాలర్ మీద ఎన్ని డాలర్ల ఆస్తులు నిలబడి ఉన్నాయి అని, అది ఒకటిన్నర నుంచి ఐదున్నర పైకి ఎగిరిపోయింది. లివరేజ్ పాత 1.49 దగ్గరే ఆగి ఉంటే 2023లో ఆర్‌ఓఈ ఎంతుండేదో లెక్కేసి చూశాను, సుమారు 41 శాతం. అంటే 35 నుంచి 41 దాకా మొదటి రెండు ముక్కలు తెచ్చింది, మిగతా 115 పాయింట్లూ మూడో ముక్క నుంచే.

లివరేజ్ అనగానే అప్పు చేసి ఫ్యాక్టరీలు కట్టేశారు అనుకుంటాం. ఇక్కడ జరిగింది అది కాదు, ఒకవైపు బాకీలు పెరిగాయి, ఇంకోవైపు ఈక్విటీ కరిగిపోయింది. 2012లో యాపిల్ తన షేర్లు తానే కొనే బైబ్యాక్ ప్రోగ్రాం ప్రకటించి, తర్వాత ఏటేటా దాన్ని పెంచుకుంటూ పోయింది, ఒక్క 2023లోనే సుమారు 77 బిలియన్ డాలర్లు పెట్టి షేర్లు కొంది, దాని పైన డివిడెండ్ ఇంకో 15. ఆ ఏడాది సంపాదించిన 97లో దాదాపు అంతా బయటికి పంపేసినట్టే కదా.

బైబ్యాక్ ఈ మూడు ముక్కల్ని ఎలా కదిలిస్తుందో చిన్న లెక్కలో చూస్తే బాగా పట్టుబడుతుంది. ఒక కంపెనీకి ఆస్తులు 150 రూపాయలు, ఇవ్వాల్సిన బాకీలు 50, ఈక్విటీ 100, షేర్లు పది అనుకోండి. అమ్మకాలు 150, లాభం 20. ఆర్‌ఓఈ 20 శాతం. పుస్తకాల ప్రకారం ఒక్కో షేరు విలువ పది రూపాయలే, కానీ మార్కెట్లో 50 పలుకుతోంది. కంపెనీ తన దగ్గరున్న క్యాష్‌తో ఒకే ఒక్క షేరు కొంది. పోయింది పదో వంతు షేర్లే, కానీ ఈక్విటీ నుంచి 50 పోయింది, అంటే సగం! ఆస్తులు 100కి దిగాయి, ఈక్విటీ 50కి. ఆ క్యాష్ మీద వచ్చే వడ్డీని పక్కన పెడితే లాభం అదే 20, ఆర్‌ఓఈ మాత్రం 40 శాతం అయి కూర్చుంది. షేరుకి వచ్చే లాభం రెండు రూపాయల నుంచి 2.22కి, అంటే 11 శాతమే పెరిగింది, ఆర్‌ఓఈ మాత్రం డబుల్. వాటాదారుడికి నిజంగా ఒరిగింది ఏదంటే ఆ 11 శాతమే.

ఇంకోటి గమనించండి, ఇందులో మార్జిన్ కదల్లేదు, లివరేజ్ 1.5 నుంచి 2 అయింది, టర్నోవర్ కూడా 1 నుంచి 1.5కి పెరిగింది. ఒక్క సరుకు కూడా ఎక్కువ అమ్మకుండానే టర్నోవర్ ఎలా పెరిగింది? ఖాళీగా పడున్న క్యాష్ ఆస్తుల్లోంచి పోయింది కాబట్టి. అందుకే టర్నోవర్ పెరగ్గానే సరుకు వేగంగా అమ్ముడవుతోందని మురిసిపోకూడదు, ముందు క్యాష్ ఎంత తగ్గిందో చూడాలి. 2012లో యాపిల్ ఆస్తుల్లో 121 బిలియన్లు క్యాష్, సెక్యూరిటీలే, అప్పటి టర్నోవర్ ఒకటి లోపు ఉండటానికి పెద్ద కారణం అదే.

మూడో ముక్కలో ఇంకో చిక్కుంది. 2012లో యాపిల్‌కి రూపాయి అప్పు లేదు, అయినా లివరేజ్ 1.49 వచ్చింది. ఎందుకంటే ఈ లెక్కకి వడ్డీ కట్టాల్సిన బాండూ, సప్లయర్‌కి ఇంకా ఇవ్వాల్సిన డబ్బూ రెండూ ఒకటే. 2023లో మొత్తం బాకీలు 290 బిలియన్లు, అందులో వడ్డీ అప్పు సుమారు 111, సప్లయర్లకి ఇవ్వాల్సింది ఇంకో 62 పైనే. కిరాణా కొట్టువాడు హోల్‌సేల్ వాళ్ళ దగ్గర నెల రోజుల అరువు మీద సరుకు దింపుకోవడం వేరు, వడ్డీకి అప్పు తెచ్చుకోవడం వేరు కదా, మొదటిదాంట్లో నెలనెలా వడ్డీ కట్టక్కర్లేదు. లివరేజ్ ఎక్కువ కనబడితే నేను బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల లైన్ విడిగా చూస్తా, తర్వాత క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో షేర్ల కొనుగోలు లైన్ చూస్తా, ఈ రెండు చూస్తే ఆ నంబర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలావరకు తెలిసిపోతుంది.

ఈక్విటీ చిన్నదైపోయిన చోట లెక్క వేసే తీరు కూడా ఫలితాన్ని బాగా మార్చేస్తుంది. పైన నేను తీసుకున్నది సంవత్సరం చివరి ఈక్విటీ. 2022 చివర అది 50.7 బిలియన్లే, రెండిటి సగటు తీసుకుంటే అదే 2023 ఆర్‌ఓఈ 156 కాదు, 172. రెండు సైట్లలో రెండు నంబర్లు కనబడితే రెండూ కరెక్టే అయ్యుండొచ్చు.

ఈ డ్యూపాంట్ పద్ధతి మొదలైనప్పుడు అసలు మూడో ముక్కే లేదు. అమెరికాలో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లోని డ్యూపాంట్ అప్పట్లో పేలుడు మందుల కంపెనీ. అక్కడ 1909లో చేరిన డోనాల్డ్‌సన్ బ్రౌన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ చదువు చదివినవాడు, తర్వాత ఫైనాన్స్ వైపు వచ్చాడు. మార్జిన్ ఎక్కువుండి నెమ్మదిగా అమ్ముడయ్యే సరుకునీ, మార్జిన్ తక్కువుండి గబగబా కదిలే సరుకునీ ఒకే కొలతతో ఎలా పోల్చాలి అన్నది చిక్కు, దానికి ఆయన మార్జిన్‌ని టర్నోవర్‌తో గుణించాడు, వచ్చింది పెట్టుబడి మీద రాబడి. తర్వాత డ్యూపాంట్ జనరల్ మోటార్స్‌లో పెద్ద వాటా కొంది, 1921లో బ్రౌన్ అక్కడికి వెళ్తూ ఈ లెక్కని కూడా పట్టుకెళ్ళాడు. లివరేజ్‌ని కలిపి ఆర్‌ఓఈ దాకా సాగదీసింది చాలా తర్వాత.

ఆ మూడో ముక్క పూర్తిగా విరిగిపోయే చోటు చూడాలంటే మెక్‌డొనాల్డ్స్ చూడండి. బైబ్యాక్‌లు చేసి చేసి 2016 నుంచి వాళ్ళ ఈక్విటీ మైనస్‌లో ఉంది. 2023లో 8.5 బిలియన్ డాలర్ల లాభం, ఈక్విటీ మైనస్ 4.7, గుడ్డిగా భాగిస్తే ఆర్‌ఓఈ మైనస్ 180 శాతం, ఆ నంబర్‌కి అర్థమే లేదు, ఆర్‌ఓఈ ఇరవై దాటాలని ఫిల్టర్ పెట్టినవాడికి ఆ కంపెనీ కనబడనే కనబడదు. ఇలాంటి చోట బ్రౌన్ వాడిన రెండు ముక్కలే పని చేస్తాయి: మార్జిన్ 33 శాతం, టర్నోవర్ 0.45, రెండూ గుణిస్తే మొత్తం ఆస్తుల మీద రాబడి 15 శాతం.